పంట రుణంతో అంటగట్టిన పాలసీని 30 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు
(ప్రసంగ పాఠం)



సాగర్ ఎడమ కాల్వ కింద కోతలైపోయి ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడేటప్పుడు, మళ్ళీ వానాకాలం ముందు పంట రుణం రెన్యువల్ చేసుకునేటప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రైతులం బ్యాంకుల చుట్టూ తిరుగుతాం. పాలసీలు అంటగట్టేది సరిగ్గా అప్పుడే. రుణం రావాలంటే ఇది తప్పదంటారు. ఖాతాలో డబ్బున్నవారికైతే ఇది డిపాజిట్ లాంటిదే అంటారు. రుణం కాగితాల కట్టలోనే బీమా ప్రతిపాదన ఫారం కూడా పెట్టి సంతకాలు తీసుకుంటారు.

ముందుగా ఒక మాట. బీమా కొంటేనే రుణం అనే షరతు బ్యాంకు పెట్టకూడదు. బ్యాంకు అమ్మే బీమా పూర్తిగా ఖాతాదారు ఇష్టమని, దాన్ని మరే బ్యాంకు సేవతోనూ ముడిపెట్టరాదని రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. బ్యాంకు ఇక్కడ బీమా కంపెనీకి ఏజెంటు. అమ్మినందుకు దానికి కమీషన్ వస్తుంది.

ఇప్పటికే డబ్బు కోసేస్తే ఏం చేయాలి? జీవిత బీమా పాలసీ ఇష్టం లేకపోతే, పాలసీ పత్రం చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోగా తిప్పి పంపే హక్కు మనకుంది. దీన్నే ఫ్రీ లుక్ గడువు అంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇది 30 రోజులు. గడువు మొదలయ్యేది డబ్బు కోసిన రోజున కాదు, పత్రం అందిన రోజున.

ఒక ఉదాహరణ చూద్దాం. కోదాడ దగ్గరి రైతుకు రుణం రెన్యువల్ రోజున ఖాతాలోంచి 30,000 రూపాయలు పోయాయనుకుందాం. జూన్ 10న పోస్టులో బాండు వచ్చింది. తెరిచి చూస్తే అది ఏటా 30,000 చొప్పున 10 ఏళ్ళు కట్టాల్సిన పాలసీ. అంటే మొత్తం 3 లక్షలు. ఆ రైతు జూలై మొదటి వారంలోపే ఉత్తరం పంపాలి. చివరి రోజు దాకా ఆగకూడదు.

ఉత్తరం రాయాల్సింది బ్యాంకు మేనేజరుకు కాదు, బీమా కంపెనీకి. దాని చిరునామా, ఈమెయిల్ బాండులోనే ఉంటాయి. ఉత్తరం ఇంత చాలు: "నా పాలసీ నంబరు ఫలానా. పత్రం నాకు జూన్ 10న అందింది. రుణానికి తప్పనిసరి అని చెప్పి ఇచ్చారు. షరతులు నాకు సమ్మతం కావు. ఫ్రీ లుక్ గడువులో రద్దు చేసి ప్రీమియం నా ఖాతాకు తిప్పి పంపగలరు." దీనికి అసలు బాండు, పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, ఆధార్ నకలు జతచేయాలి. అన్నింటికీ మన దగ్గర జిరాక్సులు ఉంచుకోవాలి. కంపెనీ శాఖలో ఇస్తే తేదీతో ముద్ర వేయించుకోవాలి. లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. బాండు వచ్చిన కవరు కూడా పారేయకూడదు. అందిన తేదీకి అదే సాక్ష్యం.

ఉత్తరం అందిన 7 రోజుల్లో కంపెనీ డబ్బు తిప్పివ్వాలి. బీమా ఉన్న ఆ కొద్ది రోజులకు రిస్కు ప్రీమియం, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంపు డ్యూటీ మాత్రమే కోయవచ్చు. యూనిట్లతో ముడిపడిన పాలసీ అయితే ఆ రోజు యూనిట్ ధరను బట్టి మొత్తం కొంత మారుతుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, "వచ్చే వారం రండి, మేమే చేయిస్తాం" అనే మాట దగ్గర. నోటిమాట రద్దు కాదు. అలా తిరుగుతుండగానే 30 రోజులూ గడిచిపోతాయి. రెండోది, ఫారంలో మనది కాని ఫోన్ నంబరో ఈమెయిలో రాస్తారు. పాలసీ అటు వెళుతుంది, మనకు తెలియదు. అందుకే డబ్బు కోసిన మెసేజ్ రాగానే కంపెనీ పేరు కనుక్కొని, పత్రం ఎప్పుడు, ఎక్కడికి పంపారో రాతపూర్వకంగా అడగాలి. మూడోది, కంపెనీ నుంచి నిర్ధారణ ఫోన్ వస్తుంది. అన్నింటికీ అవునని చెప్పమని ముందే నేర్పుతారు. అది రికార్డవుతుంది, రేపు మనకే ఎదురు సాక్ష్యమవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఏటా 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా వేరు. అవి ఏడాది పథకాలు. వద్దనుకుంటే ఆటో డెబిట్ ఆపమని బ్యాంకుకే రాసివ్వాలి.

కంపెనీ కాదంటే ఐఆర్‌డీఏఐ ఉచిత నంబరు 155255కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. రాతపూర్వక ఫిర్యాదుకు నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకు బలవంతం మీద ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు నంబరు 14448.

30 రోజులు దాటితే ఈ హక్కు పోతుంది. ఆ తర్వాత మోసపుచ్చి అమ్మారని మనమే రుజువు చేయాలి. సరెండర్ చేస్తే కట్టినదాంట్లో కొంతే వస్తుంది. కాబట్టి ఈ రాత్రికే పాసుపుస్తకం తీసి చూడండి. బీమా పేరుతో కోత కనిపిస్తే ఆ తేదీ, బాండు అందిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని మన సంఘం కార్యాలయానికి తీసుకురండి. ఉత్తరం కూర్చుని కలిసి రాద్దాం.