పన్నెండు మైళ్లకు అటూ ఇటూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఓడల మీద రాడార్లు, రేడియో పరికరాలు బిగించి, బాగుచేసే ఇంజనీరుని. వేరే విషయం మాట్లాడదామని వచ్చాను. కానీ పొద్దున టీ దగ్గర నా పాత బెంచీమేటు ఒకడు కలిశాడు. పదో తరగతి తర్వాత వాళ్ల నాన్న పడవెక్కినవాడు. వచ్చీరాగానే అడిగాడు: "ఏందిరా, రాకెట్టు అంటే మమ్మల్ని సముద్రంలోకి పోనీరు. ఆ రోజు కూలి పాయె, వేట పాయె. అంతంత విదేశీ ఓడలు మా కళ్లముందే పోతా ఉంటాయి గదా, వాటినెందుకు ఆపరు?"

వాడి ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ముందు గీతలు ఎక్కడున్నాయో చూద్దాం. శ్రీహరికోటకు పడమర పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం. సరస్సు మన అంతర్గత జలం, నేలతో సమానం. అక్కడ విదేశీ ఓడకు ఏ హక్కూ లేదు. సముద్రం వైపు కొలత మామూలుగా పాటు వేళ నీళ్లు వెనక్కు తగ్గిన గీత దగ్గర మొదలవుతుంది. అక్కణ్నించి 12 నాటికల్ మైళ్లు మన ప్రాదేశిక జలాలు. నాటికల్ మైలంటే 1852 మీటర్లు కాబట్టి అది దాదాపు 22 కిలోమీటర్లు. 200 మైళ్ల దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా ఎక్స్‌క్లూజివ్ ఎకనామిక్ జోన్, క్లుప్తంగా ఈఈజెడ్. మన శ్రీసిటీలో ఉన్న సెజ్ లాంటిది కాదిది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడతారు. ఈ గీతలు మన పార్లమెంటు 1976లో చేసిన చట్టంలో ఉన్నాయి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోనూ ఉన్నాయి. దాన్ని మనం 1995లో ఆమోదించాం.

ఇప్పుడు ఒక విదేశీ సరుకు ఓడ మన తీరానికి 8 మైళ్ల దూరంలో పోతోందనుకోండి. కృష్ణపట్నం నుంచి ఎన్నూరుకో, చెన్నైకో. అది మన ప్రాదేశిక జలాల్లోనే ఉంది. అయినా సాగిపోయే హక్కు దానికుంది. దీన్నే ఇన్నోసెంట్ పాసేజ్ అంటారు, అంటే హాని తలపెట్టని దారి ప్రయాణం. మన ఊళ్లో పొలం గట్టు మీద నడిచి పోయేవాణ్ని ఎవరూ ఆపరు కదా, అలాంటిది. కానీ గట్టు మీద ఆగి చేలో చెయ్యి పెడితే ఊరుకోం. ఓడకూ అంతే. ఆగకుండా, తాత్సారం చేయకుండా పోవాలి. ఇంజను చెడినా, తుపాను తరిమినా, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటానికైనా ఆగవచ్చు. చేపలు పట్టడం, సముద్రాన్ని సర్వే చేయడం, మన రక్షణకు చేటయ్యే సమాచారం సేకరించడం, విమానాన్ని ఎగరేయడం, ఆయుధాలతో విన్యాసాలు చేయడం, వీటిలో ఏది చేసినా ఆ ప్రయాణం హానిలేనిది కాదు. అప్పుడు దాన్ని మనం అడ్డుకోవచ్చు. జలాంతర్గామి అయితే నీటిపైకి తేలి, జెండా చూపించి పోవాలి. విదేశీ యుద్ధనౌక అయితే ముందుగా కేంద్రానికి తెలియజేయాలని మన చట్టం అడుగుతుంది. దీన్ని కొన్ని దేశాలు ఒప్పుకోవు.

ఇంకో అధికారం కూడా మనకుంది. భద్రత కోసం ఈ 12 మైళ్లలో ఒక నిర్దిష్ట ప్రాంతంలో ఆ దారి హక్కునే తాత్కాలికంగా నిలిపేయవచ్చు. అయితే ముందుగా ప్రకటించాలి, అన్ని దేశాల ఓడలకూ ఒకేలా వర్తింపజేయాలి. ఒక దేశం జెండాను చూసి ఆపడానికి వీల్లేదు.

అదే ఓడను 100 మైళ్ల దూరంలో పెట్టి చూడండి. ఇప్పుడది ఈఈజెడ్‌లో ఉంది. ఇక్కడ నీళ్లలోని చేప మనది, అడుగున ఉన్న చమురూ ఖనిజాలూ మనవి. సముద్ర పరిశోధనకు మన అనుమతి కావాలి. కానీ దారి మాత్రం మనది కాదు. నౌకాయాన స్వేచ్ఛ అక్కడ అందరిదీ. ఆగినా, తిరిగినా, కేవలం ఆ కారణంతో పొమ్మనలేం.

2019 సెప్టెంబరులో జరిగింది ఇక్కడ గుర్తుచేయాలి. షి యాన్-1 అనే చైనా పరిశోధన నౌక అండమాన్ దగ్గర మన ఈఈజెడ్‌లోకి వచ్చింది. అనుమతి లేకుండా పరిశోధన చేస్తోందని మన నౌకాదళం దాన్ని పొమ్మంది, అది వెళ్లిపోయింది. ఈ సంగతి ఆ డిసెంబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్ చెప్పారు. అది అక్కడ ఉన్నందుకు కాదు, అక్కడ చేసిన పనికి పొమ్మన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

మరి పని ఏమిటో ఎలా తెలుస్తుంది? ఓడలు తమ పేరు, స్థానం, వేగం ఏఐఎస్ అనే పరికరం ద్వారా ప్రసారం చేస్తుంటాయి. ఆ జాడను తెర మీద గీస్తే, దారిన పోయే ఓడది నిటారు గీత, వేగం గంటకు పన్నెండు పద్నాలుగు నాటికల్ మైళ్లు. సర్వే చేసే ఓడది నాగలి చాళ్ల లాంటి గీత, అటు పోయి ఇటు తిరుగుతుంది, వేగం నాలుగైదు మైళ్లే. వెనక కేబుల్ ఈడ్చుకుపోతుంటే మరీ అనుమానించాలి. ఊరికే యాంటెన్నా తిప్పి వింటుంటే మాత్రం చిక్కే. ఈఈజెడ్‌లో అలా వినడం పరిశోధనా, సైనిక పనా, దానికి అనుమతి కావాలా అన్నదాని మీద దేశాల మధ్య వాదం తెగలేదు. ఇక 2022 ఆగస్టులో ఉపగ్రహాలను గమనించే యువాన్ వాంగ్-5 శ్రీలంకలోని హంబన్‌తోట రేవులో ఆగినప్పుడు మన చట్టానికి అక్కడ చోటే లేదు. అది ఇంకో దేశపు రేవు. చేయగలిగింది దౌత్యమే.

ఇప్పుడు మన రాకెట్టు సంగతి. దాని ఖాళీ భాగాలు పడేది వందల కిలోమీటర్ల అవతల. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 విఫలమైనప్పుడు అది పడింది ఇక్కణ్నించి దాదాపు 560 కిలోమీటర్ల దూరంలో. 12 మైళ్ల అవతల ఓడల దారిని మూసే అధికారం మనకు లేదు. ఉన్నది హెచ్చరిక మాత్రమే. ఫలానా తేదీన, ఫలానా గంటల మధ్య, ఈ అక్షాంశ రేఖాంశాల లోపల ప్రమాదం అని డెహ్రాడూన్‌లోని నౌకాదళ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం నుంచి ఓడలకు సందేశం వెళుతుంది. ఒకసారి నేను పరికరం పరీక్షిస్తున్న ఓడ మీదే ఆ కాగితం అచ్చయి బయటికొచ్చింది. కెప్టెన్ చదివి, చార్టు మీద నాలుగు మూలలు గుర్తుపెట్టి, దారి కొంచెం తూర్పుకు మార్చాడు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఓడ పాడైతే తనకే నష్టం కాబట్టి మార్చాడు. మార్చని ఓడ వస్తే రేడియోలో అడుగుతారు, బతిమాలుతారు. అప్పటికీ కదలకపోతే ఆగాల్సింది మన కౌంట్‌డౌనే.

అదిరా నీ ప్రశ్నకు జవాబు. నీ పడవ మన దేశంలో రిజిస్టరైంది, ఎంత దూరం పోయినా మన చట్టం దాని వెంటే వస్తుంది. అందుకే నిన్ను పోవద్దని ఆజ్ఞాపించగలరు. ఆ ఓడకు వేరే జెండా ఉంది, అందుకే దాన్ని 12 మైళ్ల అవతల అడగగలరే గానీ ఆజ్ఞాపించలేరు. ఈ తేడా చట్టం పెట్టింది. నీ వేట పోయిన రోజు లెక్క మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. దాన్ని మనమే, మన ప్రభుత్వాన్నే అడగాలి. ఆ మాట ఈ వేదిక మీద నుంచి అనడానికి నేను మొహమాటపడను.

ఒక్క పని మాత్రం నీ చేతిలో ఉంది. అనుమానమున్న ఓడ కనిపిస్తే దాని పేరు, జెండా, టైము, నీ జీపీఎస్ చూపే స్థానం రాసుకో. నిటారుగా పోతోందా, చాళ్లు దున్నుతోందా, వెనక తాడేమైనా ఉందా చూడు. వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్‌లోనో, 1554 నంబరుకో కోస్ట్‌గార్డ్‌కు చెప్పు. "విదేశీ ఓడ వచ్చింది" అంటే ఫిర్యాదు కాదు. "ఏడు మైళ్ల దగ్గర గంటసేపు ఆగి, కేబుల్ దించింది" అంటే అది సాక్ష్యం.