దిద్దితే బయటపడే చిట్టా

ఆసుపత్రిలో రాత్రి ఒక నర్సు రోగికి అయిదు మిల్లీగ్రాముల మందు ఇచ్చి, కంప్యూటర్‌లో నమోదు చేసింది. తెల్లారాక ఎవరో ఆ అయిదును రెండుగా దిద్దారు. దాన్ని కనిపెట్టడం ఎలా?

ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాసిపెట్టే చిట్టాను ఆడిట్ లాగ్ అంటారు. దిద్దితే తెలిసేలా కట్టిన చిట్టాలో ప్రతి నమోదుకూ వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది. దాని పేరు హ్యాష్. ఒక్క అంకె మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. కొత్త హ్యాష్ లెక్కగట్టేటప్పుడు ముందరి నమోదు హ్యాష్‌ను కూడా కలుపుతారు. అలా నమోదులన్నీ గొలుసులా ముడిపడతాయి. అందుకే అయిదును రెండు చేస్తే ఆ నమోదు హ్యాష్ సరిపోదు. దాన్ని సరిచేస్తే తర్వాతది సరిపోదు. మధ్యలో ఒకటి తీసేసినా అంతే. ఆడిటర్ మొదటి నుంచి మళ్లీ లెక్కగడితే, తేడా వచ్చిన చోటు దొరికిపోతుంది.

మరి కంప్యూటర్ మొత్తం చేతిలో ఉన్నవాడు గొలుసంతా కొత్తగా లెక్కగడితే? లెక్కగట్టగలడు. పెద్ద పనేం కాదు కూడా. అందుకే చివరి హ్యాష్‌ను ఎప్పటికప్పుడు అతని చేయి అందని చోట ఉంచాలి. అమెరికాలో ష్యూరిటీ అనే సంస్థ 1995 నుంచి వారానికోసారి తన హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటనగా వేయించింది. అచ్చయి ఇళ్లకు చేరిన పత్రికలన్నిటినీ ఎవరు దిద్దగలరు?

ఒక్క మాట. ఈ గొలుసు దిద్దడాన్ని ఆపదు, బయటపెడుతుంది. నర్సు మొదటే తప్పు రాస్తే, ఆ తప్పును పట్టలేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొంటున్న ఆసుపత్రివాళ్లు, బ్యాంకువాళ్లు ముందుగా అడగాల్సింది, చివరి హ్యాష్ ఎవరి దగ్గర ఉంటుందని.