డబ్బు పంపే ముందు డీలరు జీఎస్టీ నంబరు చూసుకుందాం
(రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లు, కోశాధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది సొంత వ్యవసాయంతోపాటు తమ ఊరి రైతు కంపెనీ లెక్కలు కూడా చూస్తున్నారు. ఎరువు, మందు, పైపులు టోకున కొని సభ్యులకు అందిస్తున్నారు. మన వైపు నుంచి జీఎస్టీ రిటర్నులు సరిగ్గానే వేస్తున్నాం. మనకు సరుకు అమ్మిన డీలరు వేస్తున్నాడా లేదా అన్నది మాత్రం మనం చూడటం లేదు. అది చూడకపోతే నష్టం డీలరుకు కాదు, మనకే. మన జిల్లాలోని ఒక కంపెనీకి ఏం జరిగిందో ముందు చెబుతాం. మీరెవరూ నొచ్చుకోకుండా పేర్లు వదిలేస్తున్నాం.

ఆ కంపెనీ వేసవి చివర సభ్యుల బోర్ల కోసం పీవీసీ పైపులు కొన్నది. సరుకు విలువ 4,00,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 72,000, మొత్తం బిల్లు 4,72,000. జూన్‌లో బిల్లు వచ్చింది, సరుకు దిగింది, వారం తిరక్కుండా మొత్తం డబ్బు బ్యాంకు ద్వారా పంపేశారు. ఆ పైపులను సభ్యులకు 4,20,000కు అమ్మి, దాని మీద 75,600 పన్ను వసూలు చేశారు. లెక్క ప్రకారం కొన్నప్పుడు కట్టిన 72,000 మినహాయించుకుని, మిగిలిన 3,600 సర్కారుకు కడితే సరిపోవాలి. దీన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటున్నాం.

జూలై 14న వచ్చిన GSTR-2B లో ఆ బిల్లు లేదు. మన పేరు మీద ఎవరెవరు బిల్లులు చూపించారో చెప్పే పట్టిక అది. నెలనెలా పోర్టల్‌లో దానంతట అదే తయారవుతుంది. అందులో కనపడని బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి 2022 జనవరి నుంచి చట్టం ఒప్పుకోదు. డీలరుకు ఫోను చేస్తే ‘మా ఆడిటరు ఊళ్లో లేడు, వచ్చే నెల వేస్తాం’ అన్నాడు. ఆగస్టులోనూ రాలేదు. అప్పుడు ఎవరో చెబితే పోర్టల్ తెరిచి చూశారు. డీలరు రిజిస్ట్రేషన్ సస్పెండై ఉంది. ఆయన చివరిగా GSTR-3B వేసింది కిందటి అక్టోబరు నెలకు. అంటే మనవాళ్లు ఆర్డరు ఇచ్చేనాటికే ఆరు నెలలకు పైగా రిటర్ను లేదు. వరుసగా ఆరు నెలలు రిటర్ను వేయకపోతే నెలవారీ డీలరు రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం అధికారులకు ఉంది. ఈ లోపు సస్పెండ్ చేస్తారు.

మనవాళ్లు 75,600 పూర్తిగా చేతి నుంచి కట్టారు. పైపుల మీద మిగిలింది 20,000. పోయింది 72,000.

‘మీరు ముందు చూసుకోలేదా’ అని అడిగితే కోశాధికారి అన్న మాట మాకు బాగా గుర్తుంది. ‘ఎందుకు చూడలేదన్నా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వాళ్ల దుకాణం గోడకే తగిలించి ఉంది, జిరాక్స్ కూడా తెచ్చాను’ అన్నాడు. పొరపాటు అక్కడే జరిగింది మిత్రులారా. ఆ కాగితం ఆ మనిషికి ఒక రోజున రిజిస్ట్రేషన్ ఇచ్చారని మాత్రమే చెబుతుంది, ఇవాళ ఉందని చెప్పదు. రద్దయిన రోజు ఎవరూ వచ్చి గోడ మీది కాగితం తీసుకుపోరు. బిల్లు మీద అచ్చు వేసిన నంబరు సంగతీ అంతే. డీలరు వాట్సాప్‌లో పంపే స్క్రీన్ ఫొటో కూడా నమ్మొద్దు. అది ఏ రోజుదో మనకు తెలియదు. మన ఫోనులో మనమే తెరిచి చూడాలి.

చూడటానికి లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు. ఫోనులో `www.gst.gov.in` అని మనమే టైపు చేయాలి. ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. పైన ఉండే `Search Taxpayer` లోకి వెళ్లి `Search by GSTIN/UIN` ఎంచుకోవాలి. డీలరు నంబరు కొట్టి, బొమ్మలో కనపడే అంకెలు కొట్టి వెతకాలి.

నంబరు కొట్టేటప్పుడు సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. మొత్తం పదిహేను స్థానాలు. మొదటి రెండూ రాష్ట్రం అంకెలు. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాత పది స్థానాలు డీలరు పాన్ నంబరు, అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. దాని తర్వాత మూడు స్థానాలు. వాటిలో మధ్యది సాధారణంగా Z. ఈ వరుస గుర్తుంటే ఏది అంకెో ఏది అక్షరమో తడబడం. ఇందులోనే ఇంకో ఉపయోగం ఉంది. నంబరులో ఆరో స్థానం చూడండి. P ఉంటే అది ఒక వ్యక్తి పాన్, C ఉంటే కంపెనీది, F ఉంటే భాగస్వామ్య సంస్థది. బిల్లు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని పెద్ద అక్షరాలతో ఉండి, నంబరులో P ఉంటే ఆగి అడగాల్సిందే.

నంబరు సరైనదైతే పేజీ తెరుచుకుంటుంది. అందులో `Legal Name of Business`, `Trade Name`, చిరునామా, `GSTIN / UIN Status`, `Taxpayer Type` ఉంటాయి. అందరూ స్టేటస్ చూసి మూసేస్తారు. మేమైతే ముందు పేరు చూడమంటాం. వేరెవరిదో సక్రమంగా నడుస్తున్న నంబరు తన బిల్లు మీద వేసుకునేవాళ్లూ ఉంటారు. అప్పుడు స్టేటస్ `Active` అనే వస్తుంది, కానీ పేరు వేరే మనిషిది. బోర్డు మీది పేరు ట్రేడ్ నేమ్ కింద, యజమాని అసలు పేరు లీగల్ నేమ్ కింద వస్తాయి. మనం డబ్బు పంపబోయే బ్యాంకు ఖాతా ఈ రెండు పేర్లలో ఒకదానితో కలవాలి. ‘మా బామ్మర్ది ఖాతాకు కొట్టండి’ అంటే కొట్టొద్దు.

ఇక స్టేటస్. `Active` అంటే ఇవాళ నడుస్తోందని అర్థం. `Cancelled` అంటే రద్దయింది, ఏ తేదీ నుంచి రద్దో కూడా చూపిస్తుంది. ఆ తేదీ తర్వాత ఆ మనిషి పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. `Suspended` అన్నప్పుడు కొంచెం ఆలోచించాలి. అలా ఉన్నవాళ్లందరూ మోసగాళ్లు కారు. కుటుంబంలో కష్టం వచ్చి రిటర్నులు వెనకబడిన చిన్న డీలరు కూడా కావచ్చు. పాత రిటర్నులు వేసి బాకీ కడితే సస్పెన్షన్ ఎత్తేస్తారు. కానీ సస్పెన్షన్‌లో ఉన్నంతకాలం పన్ను వేసిన బిల్లు ఇవ్వకూడదన్నది నిబంధన. కాబట్టి మనం తిట్టనక్కర్లేదు, డబ్బూ ఇవ్వనక్కర్లేదు. ‘ముందు సరిచేసుకుని రా అన్నా’ అంటే చాలు.

`Taxpayer Type` దగ్గర `Composition` అని ఉంటే అది ఇంకో సంగతి. ఆ డీలరు అమ్మకం మీద పన్ను తన జేబులోంచి కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు. బిల్లులో జీఎస్టీ గీత ఉండకూడదు. ఈ మాట జీఎస్టీ లేని విడి రైతుకూ పనికొస్తుంది. కాంపోజిషన్ డీలరు బిల్లు మీద పన్ను కలిపి అడిగితే ఆ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

అసలు నంబరే లేనివాళ్ల సంగతి ఏమిటని పొద్దున ఒకరు అడిగారు. సరుకు అమ్మకం ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటని చిన్న వ్యాపారికి సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆయన పన్ను వేయకపోతే పేచీ లేదు. తన పొలంలో పండించింది అమ్ముకునే రైతుకైతే అసలే అక్కర్లేదు. మన కంపెనీలు ధాన్యం కొనేటప్పుడు సభ్యుణ్ని జీఎస్టీ నంబరు అడిగి నిలబెట్టొద్దు.

ఇప్పుడు అసలు పని. స్టేటస్ `Active` అని చూసి సంతోషపడొద్దు. అదే పేజీలో కింద `Show Filing Table` అని ఉంటుంది. అది నొక్కి సంవత్సరం ఎంచుకుంటే, డీలరు ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశాడో వస్తుంది. GSTR-1 అంటే ఎవరికి ఎంత అమ్మాడో చెప్పేది. GSTR-3B అంటే పన్ను కట్టేది. రెండూ చూడాలి. మొదటిది వేసి రెండోది వేయకపోతే మన బిల్లు 2B లో కనపడుతుంది, క్రెడిట్ తీసుకుంటాం, కానీ పన్ను సర్కారుకు చేరలేదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 నాటికీ డీలరు ఆ 3B వేయకపోతే, నవంబరు 30లోగా ఆ క్రెడిట్ మనం వెనక్కి ఇవ్వాలి. డీలరు వేసిన తర్వాత మళ్లీ తీసుకోవచ్చు. చిన్న డీలర్లు కొందరు మూడు నెలలకొకసారి 3B వేస్తారు. కాబట్టి ఒకటి రెండు నెలలు ఖాళీగా కనపడగానే కంగారు పడకుండా, ఆయన నెలవారీనా మూడు నెలలకొకసారా అని అడగండి. పైన చెప్పిన పైపుల డీలరు విషయంలో ఈ పట్టిక తెరిచి ఉంటే, స్టేటస్ ఏమున్నా సరే, నెలల తరబడి ఖాళీ కళ్లకు కట్టేది.

ఎప్పుడు చూడాలి? కొటేషన్ తీసుకున్న రోజు ఒకసారి, బిల్లు చేతికొచ్చిన రోజు ఒకసారి, డబ్బు పంపే రోజు పొద్దున ఒకసారి. ఈ మూడు రోజుల మధ్య నెల గడవొచ్చు, ఆ నెలలోనే సస్పెండ్ కావొచ్చు. చూసిన ప్రతిసారీ తేదీ కనపడేలా పేజీ ప్రింటు తీసి బిల్లుకు గుచ్చండి.

ఇంత చేసినా ఒక ప్రమాదం మిగులుతుంది, దాచడం ఎందుకు. రిజిస్ట్రేషన్‌ను వెనకటి తేదీ నుంచి రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. మనం చూసిన రోజు `Active` ఉన్నదే, రేపు ఆ రోజుకు ముందు నుంచే రద్దయినట్టు చూపించొచ్చు. అప్పుడు నోటీసు వస్తే ఆ ప్రింటు, బ్యాంకు చెల్లింపు, సరుకు దిగినట్టు లారీ కాగితం, ఈ-వే బిల్లు మన వాదనకు ఆధారాలు. అవి ఉన్నంత మాత్రాన క్రెడిట్ దక్కుతుందని మేం హామీ ఇవ్వలేం.

అందుకే డబ్బు రెండు ముక్కలుగా ఇవ్వమంటున్నాం. సరుకు విలువ దిగగానే ఇవ్వండి. పన్ను ముక్కను బిల్లు 2B లో కనపడి, ఆ నెల 3B పట్టికలో వచ్చాక ఇవ్వండి. ఈ షరతు ఆర్డరు కాగితం మీదే రాయాలి, తర్వాత చెబితే డీలరు ఒప్పుకోడు, న్యాయమూ కాదు. అయితే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు మొత్తం చెల్లించాలి. అది దాటితే క్రెడిట్ మనమే వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. అందుకని ఆపిన ముక్కకు గడువు తేదీ చిట్టాలో రాసుకోండి.

పైపులు కొన్న కంపెనీ ఇప్పుడు ఇలాగే చేస్తోంది. కొత్త డీలరు మొదట గొణిగాడట, తర్వాత ఒప్పుకున్నాడు. పాత డీలరు రిజిస్ట్రేషన్ చివరకు రద్దయింది. ఆ 72,000 ఇప్పటికీ ఆయన పేరు మీద రావలసిన బాకీగా పుస్తకంలో ఉంది. లీగల్ నోటీసు ఇచ్చారు, జవాబు రాలేదు. మధ్యాహ్నం తరగతిలో మీరు తెచ్చిన బిల్లుల మీది నంబర్లు ఒక్కొక్కటీ ఇక్కడే తెరిచి చూద్దాం. ఫోన్లు చార్జింగు పెట్టుకోండి.