అమవసనిసి: ఒక పద్యమూ, దాని వెక్కిరింతా



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఛందస్సు చెప్పింది ఆళ్లగడ్డలో, ఒక పెంకుటింటి అరుగు మీద. గురువుకు గీత, లఘువుకు చుక్క. పలక నిండా గీతలూ చుక్కలూ పెట్టించి, చివర్లో మాత్రం నవ్వు తెప్పించే పద్యం ఒకటి చెప్పేవారు. అలా మొదటిసారి విన్న పద్యాన్నే ఈ రోజు మీ ముందు విప్పుతాను. మూలపద్యాన్ని, దాని పేరడీని పక్కపక్కన పెట్టి, వెక్కిరించినవాడు దేన్ని పట్టుకుని సాగదీశాడో చూడడమే నా పని.

ఈ పద్యానికి ఇక్కడ, ఈ అహోబిలంలో, చోటెక్కడిది అంటారేమో. అల్లసాని పెద్దన మనుచరిత్ర అవతారికలో తన గురువుగా శఠకోపయతిని స్తుతించుకున్నాడు. అహోబిల మఠానికి తొలి పీఠాధిపతి ఆదివణ్ శఠకోపస్వామి. పెద్దన గురువు ఆయనేనా, ఆ పేరే ఉన్న మరొక యతా అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. పెద్దనను పోషించిన రాయలు నాటించాడని చెప్పే జయస్తంభం దిగువ అహోబిలం గుడిలోనే ఉంది. కాబట్టి ఇక్కడ పెద్దన పేరెత్తితే పరాయివాణ్ణి పిలిచినట్టు కాదు. ఆయనను వెక్కిరించిన పద్యాన్ని ఇక్కడ చదవడం మాత్రం కాస్త తుంటరితనమే. స్వామి క్షమిస్తాడు.

కథ మీకు తెలిసిందే. పెద్దన ఒక కందం చెప్పాడు. చేతిలో డబ్బున్న రోజుల ధనాన్ని అవసరం పడే రోజుకు దాచిపెట్టడం బ్రహ్మ తరం కూడా కాదు. నెల నడిమి వెన్నెలను గాదెలో పోసి అమావాస్య రాత్రికి వాడుకోగలమా అని దాని భావం. అందులో అమావాస్య రాత్రి అనడానికి ‘అమవసనిసి’ అన్నాడు. సభలో ఉన్న తెనాలి రామలింగడు ఆ ఒక్క మాట పట్టుకుని అప్పటికప్పుడు మరో కందం చెప్పాడు. ఏం తిని ఈ కవిత్వం చెప్పావు, వెర్రి పుచ్చకాయ తిన్నావా, ఉమ్మెత్తకాయ తిన్నావా అని అందులో అడిగాడు. ఇది చాటు సంప్రదాయం, నోటినుంచి నోటికి వచ్చింది. రామలింగడు రాయల సభలో ఉన్నాడా అన్నదే చరిత్రకారులకు అనుమానం. అయితే నాకు కావలసింది సభ కాదు, ఆ రెండు పద్యాలు. అవి మన చేతిలో ఉన్నాయి.

ముందు మూలం సంగతి. కందపద్యంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. చుక్కకు ఒకటి, గీతకు రెండు అని లెక్క వేసుకోండి. మొదటి పాదానికి మూడు గణాలు, రెండో పాదానికి అయిదు, ఈ రెండు పాదాలూ కలిపి ఒక సగం. రెండో సగమూ ఇంతే. సగం ముగిసేది గురువుతో. పెద్దన పద్యంలో చివరి పాదంలో నాలుగో గణం దగ్గరికి వచ్చేసరికి అమావాస్య రావాలి. ఆ మాటను ఉన్నదున్నట్టు వేసి చూడండి: అ ఒకటి, మా రెండు, వా రెండు, స్య ఒకటి. ఆరు మాత్రలు. అక్కడున్న గణానికి పట్టేవి నాలుగే. అందుకని దీర్ఘాలు రెండూ తీసేసి, స్యను సగా మార్చి, అమవస అన్నాడు. నాలుగు లఘువులు చక్కగా సరిపోయాయి. నిశి కూడా నిసి అయింది. ఇది మాత్రల కోసం కాదు, నిశికి అయినా నిసికి అయినా లెక్క ఒకటే. ముందున్న మాట వికృతి అయింది కాబట్టి వెనకమాట కూడా దాని పక్కన ఒదిగేలా వికృతి కావలసి వచ్చింది. పెద్దన తప్పు చేశాడని నేననను. తత్సమాన్ని తద్భవం చేసుకునే వీలు తెలుగు కవికి ఎప్పుడూ ఉంది. అయితే ఆ పద్యంలో తక్కిన మాటలన్నీ నిండుగా ఉన్నాయి. అక్కర ఉంది, వెన్నెల ఉంది, కమలగర్భుడు ఉన్నాడు, ఒత్తులూ ద్విత్వాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కుదించిన మాట ఆ ఒక్కటే. చెవికి తగిలింది అందుకే.

ఇప్పుడు రామలింగడి పద్యం. పెద్దన ఒకసారి చేసిన పనిని ఇతను పద్యమంతా చేశాడు. చెప్పితివి ‘సెపితివి’ అయింది. కవిత్వము ‘కపితము’, భ్రమ ‘బ్రమ’, వెర్రి ‘వెరి’. ఏమి కూడా ‘ఎమి’ అయింది. అతను కొత్త లక్షణాన్ని కల్పించలేదు, మూలంలో ఉన్నదాని సంఖ్య పెంచాడు. ఒక పేరడీని విప్పేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఇక్కడ ఎక్కువ అయింది మూలంలో ఎన్నిసార్లు ఉంది? ఒకసారి ఉంటే, పేరడీకారుడు దొర్లిన పొరపాటును పట్టుకున్నాడు. పదిసార్లు ఉంటే, కవి అలవాటును పట్టుకున్నాడు. ఈ రెండు వెక్కిరింతల తీర్పులూ ఒకటి కావు. రామలింగడిది మొదటి రకం. పెద్దన శైలి ఇలాంటిదని ఈ పద్యం చూసి ఎవరైనా అనుకుంటే మోసపోయినట్టే. మనుచరిత్ర శైలికీ ఈ వెక్కిరింతకూ ఏ పోలికా లేదు.

అసలు దెబ్బ చివరి పాదంలో ఉంది. ఆ పాదం మొదట్లోనే అమవసనిసి అన్న మాటను ఎత్తి చూపుతాడు. పాదం చివర పెద్దనను పేరు పెట్టి పిలుస్తాడు. ఎలా పిలిచాడు? ‘అలసని పెదనా’ అని. అల్లసాని అన్న మాటకు మాత్రలు లెక్కపెట్టండి. రెండు, ఒకటి, రెండు, ఒకటి. ఆరు. అమావాస్యకూ ఆరే. అమావాస్య కుదించుకుని నాలుగై మూలపద్యంలో ఏ గణంలో కూర్చుందో, అల్లసాని కుదించుకుని నాలుగై పేరడీలో సరిగ్గా ఆ గణంలోనే, చివరి పాదం నాలుగో గణంలోనే, కూర్చుంది. దాని తరువాత ‘నిసికిన్’ ఉన్న చోట ‘పెదనా’ వచ్చింది. రెండు లఘువులూ ఒక గురువూ, అదే కొలత. ఆ మాటకు నువ్వు ఏ శిక్ష వేశావో నీ పేరుకు నేను అదే శిక్ష, అదే గదిలో వేశాను అన్నట్టుంది. పలక మీద గీతలూ చుక్కలూ పెడితే తప్ప ఇది కనపడదు. మాస్టారు ఇక్కడికి వచ్చేసరికి చాక్‌పీసు కింద పెట్టి మా మొహాలు చూసేవారు.

మరి అతను కుదించకుండా వదిలినవి ఏమిటి? ఇది రెండో ప్రశ్న, నాకు మొదటిదానికంటే ఇష్టమైనది. పద్యమంతా ఒత్తులు తీసేసినవాడు పుచ్చకాయలో ‘చ్చ’ను వదిలేశాడు, ‘కాయ’లో దీర్ఘమూ వదిలేశాడు. చివరి పాదంలో ‘అన్నమాట’ కూడా నిండుగానే ఉంది. మరిచిపోయాడా? గణాలు విడగొట్టండి. కందంలో సగానికి ఎనిమిది గణాలుంటే, ఆరోది జగణమో నలమో అయి తీరాలి. జగణమంటే మధ్యలో గురువు, అటూ ఇటూ లఘువులు. పుచ్చకాయ నుంచి ‘చకాయ’, అన్నమాట నుంచి ‘నమాట’, రెండూ సరిగ్గా ఆరో గణాలు. అతను ఆ రెండు చోట్లా జగణాన్ని ఎంచుకున్నాడు. పెద్దన పద్యంలో చివరి సగపు ఆరో గణం కూడా జగణమే. నలం వేసి అక్కడ కూడా కుదించే వీలుంది, ఎందుకు వేయలేదో అతనికే తెలియాలి. ఏమైనా కందం నడక తెలిసేది ఆ ఆరో గణం దగ్గర. అది కూడా వంకర చేస్తే ఇది పెద్దన పద్యానికి వెక్కిరింత అని కాక, పద్యం రానివాడి వాగుడు అని వినిపించేది. పేరడీ నిలబడాలంటే ఒక కాలు మూలంలోనే ఉండాలి.

మన ఆళ్లగడ్డ శిల్పులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. దేవతామూర్తికి నవతాళమో దశతాళమో లెక్క ఉంటుంది, వినాయకుడికి పంచతాళమే. ముఖం కొలత పట్టుకుని తక్కిన ఒళ్లు కుదిస్తారు. ముఖం కూడా కుదిస్తే పొట్టి వినాయకుడు రాడు, చిన్న బొమ్మ వస్తుంది.

అలవాటును పట్టుకున్న పేరడీ ఎలా ఉంటుందో కూడా ఒకటి చూద్దాం, ఎక్కువసేపు కాదు. శ్రీశ్రీ ‘నవకవిత’ను జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి, మనం జరుక్ శాస్త్రి అంటామే, ఆయన, పేరడీ చేశాడు. శ్రీశ్రీ కొత్త కవిత్వానికి కావలసిన సామగ్రి చెబుతూ క్రియ లేకుండా పేర్లు పేర్చుకుపోతాడు. సిందూరం, రక్తచందనం, మంకెనపువ్వు అంటూ మొదలై, లేడి నెత్తురు మీదుగా, జెండా మీదుగా, కాళిక నాలుక దాకా వెళుతుంది ఆ జాబితా. జరుక్ శాస్త్రి అదే నడకలో పచ్చళ్లూ అప్పడాలూ పేర్చి, తెగిన చెప్పులూ, పిచ్చివాడి మాటలూ కలిపి, విశాఖపట్నం కారాకిళ్లీ వేశాడు. శ్రీశ్రీ ఊరు విశాఖ అని తెలిస్తేనే ఆ కిళ్లీ ఎర్రగా పండుతుంది.

ఇందులో పెంచింది ఏమిటంటే జాబితా కట్టే అలవాటు. నడక అలాగే ఉంది, ఓయ్ అనే పిలుపూ ఉంది. పోయింది ఏమిటంటే వరస. శ్రీశ్రీ వస్తువులన్నిటికీ ఒకటే రంగు. అంతేకాదు, నుదుటి బొట్టుతో మొదలై చంపిన లేడి నెత్తురు దాకా ఎరుపు మెల్లగా భయంకరమవుతుంది. పచ్చళ్లలో ఆవకాయ ఎరుపే, కారాకిళ్లీ ఎరుపే, కందిపచ్చడీ పెసరప్పడమూ కావు. వాటి మధ్య మెట్టుమెట్టుగా ఎక్కడం లేదు. ఏ రెండిటిని అటూ ఇటూ మార్చినా నవ్వు తగ్గదు. శ్రీశ్రీ జాబితాలో అలా మార్చి చూడండి, పద్యం కూలిపోతుంది. జరుక్ శాస్త్రి ఎగతాళి చేయలేక వదిలేసిన చోటే శ్రీశ్రీ బలం ఉందని నా తీర్పు. జరుక్ శాస్త్రికి ఇది తెలియదని నేననుకోను, తెలియకపోతే అంత బాగా వెక్కిరించలేడు.

ఈ పనిలో ఎక్కువమంది పొరపడేది ఒకచోట. ఎన్నికలప్పుడు సినిమా పాట వరస తీసుకుని అభ్యర్థి మీద పాట కడతారు. అది పేరడీ అంటారు. ఆ సినిమా పాట వినని వాడికీ ఆ పాట అర్థమవుతుంది, నవ్వొస్తుంది. అంటే వరస అరువు తెచ్చుకున్నారు తప్ప మూలాన్ని అనలేదు. అలాంటిదాన్ని మూలంతో పోల్చి లక్షణాలు వెతికితే దొరికేది ఏమీ ఉండదు. పెద్దన పద్యం తెలియనివాడికి మాత్రం రామలింగడి పద్యం నత్తివాడి మాటలా వినిపిస్తుంది, అంతే.

చివరిగా ఒక ఇబ్బంది చెప్పి ముగిస్తాను. రామలింగడి మూడో పాదంలో ఉమ్మెత్తకాయ దగ్గర నేను రెండు పాఠాలు విన్నాను. ఒకదాంట్లో ‘ఉమెతకయను’ అని ఉంది, అన్నీ లఘువులే. ఇంకొకదాంట్లో ‘ఉమెతక్కయ’ అని ఉంది. రెండూ గణాలకు సరిపోతాయి. మొదటిదే అసలైతే, రామలింగడు ఒత్తులు తీసేవాడు మాత్రమే. రెండోదే అసలైతే, ఉన్న ఒత్తులు తీసేసి లేని చోట ఒత్తు పెట్టాడు, వెక్కిరింత ఇంకో మెట్టు ఎక్కింది. ఏది ముందుదో పలక మీద తేలదు. అహోబిలం, రుద్రవరం, చాగలమర్రి వైపు మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ పద్యం చెబుతుంటే, వాళ్ల నోటి మాట సరిదిద్దకుండా, దీర్ఘమూ ఒత్తూ వినిపించినట్టే రాసి, ఎవరి దగ్గర విన్నామన్నారో కూడా అడిగి, నాకు పంపండి.