గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుని పెగ్గు
(స్మారకోపన్యాస పాఠం, కొండాపూర్)



ఈ ఉపన్యాసం ఏ డాక్టరుగారి పేరున జరుగుతోందో ఆయన కడుపు మంటతో వచ్చినవాళ్లను “తాగుతారా?” అని అడిగేవారు కాదు. అలా అడిగితే “ఎప్పుడో ఒకసారండీ” అనే జవాబే వస్తుంది. “ఏది తాగారు, ఎంత, ఏం కలుపుకున్నారు, దాంతోపాటు ఏ మాత్ర వేసుకున్నారు?” అని అడిగేవారు. రోగం ఎక్కడుందో సగం ఆ జవాబుల్లోనే తెలిసిపోయేది.

నాలుగో ప్రశ్న మన కొండాపూర్, గచ్చిబౌలి వైపు మరీ ముఖ్యం. శుక్రవారం రాత్రి పార్టీకి వెళ్లే ముందు పాంటోప్రజోలో, అలాంటిదే మరో గ్యాస్ ట్యాబ్లెట్టో వేసుకోవడం ఇక్కడి కుర్రాళ్లలో బాగా అలవాటైంది. మాత్ర ఆమ్లాన్ని ఆపుతుంది కాబట్టి మందు తన పని తాను చేసుకుపోతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో ఈ రోజు చెబుతాను.

మన పొట్టలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. భోజనాల మధ్య లోపలి పీహెచ్ ఒకటి, రెండు దగ్గర ఉంటుంది. అయినా పొట్ట తనను తాను అరిగించుకోదు. లోపలి గోడ మీద జిగురు పొర ఒకటుంది. గోడ కణాలు ఆ జిగురులోకి బైకార్బొనేట్‌ను వదులుతాయి. అందువల్ల గోడను ఆనుకున్న చోట పీహెచ్ దాదాపు ఏడు ఉంటుంది. ఆ కణాలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి, కింద రక్తం ధారాళంగా పారుతుంది, దెబ్బతిన్న కణాల చోటికి కొత్తవి నాలుగైదు రోజుల్లో వచ్చేస్తాయి. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఈ ఏర్పాటును నడిపిస్తాయి.

ఆల్కహాల్ మొదట దాడి చేసేది ఈ గోడనే. అది నీటిలోనూ కొవ్వులోనూ కరుగుతుంది కాబట్టి జిగురు పొరను దాటి కణాల పైపొరలోకి సులువుగా దూరిపోతుంది. కణాల మధ్య బిగి సడలుతుంది. అప్పుడు లోపల ఉన్న ఆమ్లం వెనక్కి, గోడలోకే ఇంకుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో హొరేస్ డావెన్‌పోర్ట్ 1960లలో కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించాడు. ఆస్పిరిన్‌తోనూ ఇదే జరుగుతుందని ఆయనే తేల్చాడు. ఈ రెండూ ఒకే రాత్రి కలిస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

అంతకంటే పాత సాక్ష్యం మరొకటి ఉంది. 1822లో తుపాకీ గాయమైన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలీకి పొట్టలోకి రంధ్రం శాశ్వతంగా మిగిలిపోయింది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రంలోంచి ఏళ్ల తరబడి లోపల గమనించి 1833లో పుస్తకం వేశాడు. ఆ మనిషి కొన్ని రోజులు బాగా తాగాక లోపలి గోడ ఎర్రబడి, పొక్కినట్టు మచ్చలు కనిపించాయి. అతనికి మాత్రం ప్రత్యేకంగా బాధ ఏమీ లేదు! మంట లేదు కాబట్టి పుండు లేదని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు గాఢత. ఆల్కహాల్ సుమారు పది శాతం దాటితే గోడ బిగి సడలడం మొదలవుతుంది, గాఢత పెరిగినకొద్దీ దెబ్బ పెద్దదవుతుంది. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం ఉంటాయి. అరవై మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో రెట్టింపు నీళ్లు కలిపినా పద్నాలుగు శాతం దాకా ఉంటుంది. ఐసు ముక్కలు రెండు వేసుకుని తాగితే, ముఖ్యంగా ఖాళీ కడుపున, దాదాపు ఉన్న గాఢతే గోడకు తగులుతుంది.

“సార్, మేం బీరే తాగుతాం” అంటారు. స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది. అలాంటి 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే రెండు లార్జ్ పెగ్గులంత. గాఢత తక్కువ కాబట్టి గోడను విస్కీలా కాల్చదు, నిజమే. కానీ ఆమ్లాన్ని బాగా ఊరించేవి బీరు, వైన్లే. పులియబెట్టినప్పుడు పుట్టే సక్సినిక్, మాలియిక్ లాంటి ఆమ్లాలకు ఇందులో పాత్ర ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. విస్కీ, జిన్ లాంటివి ఆమ్లాన్ని అంతగా పెంచవు. ఒకటి గోడను కొడుతుంది, మరొకటి ఆమ్లాన్ని పెంచుతుంది. ముందు బీరు, ఆపైన విస్కీ అనే అలవాటును పొట్ట దృష్టితో చూస్తే ఇంతకంటే చెడ్డ వరుస నాకు తోచదు.

మా ఓపీలో తరచూ కనబడే తీరును ఒకే మనిషిగా కుదించి చెబుతాను. ముప్పై దాటిన టెస్టింగ్ ఇంజనీరు. అమెరికా కాల్ వల్ల మధ్యాహ్నం భోజనం మానేశాడు. సాయంత్రం తలనొప్పికి ఇబుప్రోఫెన్, ఎనిమిదిన్నరకు గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకున్నాడు. తర్వాత మూడు లార్జ్‌లు, మంచింగ్‌కు చికెన్ 65. పన్నెండున్నరకు బిర్యానీ తిని వెంటనే పడుకున్నాడు. మూడింటికి గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్ని మెలకువ వచ్చింది. రెండు వాంతులయ్యాయి, మూడోది కాఫీ పొడి కలిపినట్టు ఉంది. ఆదివారం విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. ఎండోస్కోపీలో పొట్ట కింది భాగంలో ఎర్రటి చారలు, పైపైన చిట్లిన చిన్న పుళ్లు కనిపించాయి. ఒకట్రెండు చోట్ల నల్లబడిన రక్తం అంటుకుని ఉంది.

చికెన్ 65 కారమే కారణమని ఇంట్లోవాళ్ల వాదన. కారం మంటను పెంచగలదు గానీ పుండు వేయదు. అసలు దెబ్బ ఇబుప్రోఫెన్‌తో మొదలైంది. అది ఆస్పిరిన్‌లాగే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆపి గోడ రక్షణను తగ్గించింది. ఆ గోడ మీదే ఖాళీ కడుపున విస్కీ పడింది. మరి గ్యాస్ ట్యాబ్లెట్ ఏం చేసినట్టు? ఆ మాత్ర అప్పుడు పని చేస్తున్న ఆమ్లపు పంపులనే మూస్తుంది. పూర్తి ప్రభావానికి రోజూ తిండికి అరగంట ముందు వేసుకుంటూ రెండు మూడు రోజులు కావాలి. పైగా అది తగ్గించేది ఆమ్లాన్ని. ఆల్కహాల్ నేరుగా కణాలకు చేసే గాయాన్ని అది ఆపలేదు.

పుల్లనీళ్లు పైకి రావడం వేరే సంగతి. ఆహారనాళం చివర కండరం ఒకటి ద్వారంలా బిగుసుకుని ఉంటుంది. ఆల్కహాల్ దాన్ని వదులు చేస్తుంది, ఎగదన్నినదాన్ని కిందికి తోసే కదలికలనూ మందగింపజేస్తుంది. నిండు పొట్టతో పడుకుంటే ఇక ఆపేదేమీ ఉండదు. పడుకోవడానికి మూడు గంటల ముందే తిండి, మందు రెండూ ముగించమనడం అందుకే.

అల్సర్ గురించి మాత్రం న్యాయంగా మాట్లాడాలి. లోతైన పుండుకు ప్రధాన కారణాలు రెండు: నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. ఆ క్రిమిని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మందు ఒక్కటే అల్సర్ తెస్తుందని గట్టిగా చెప్పలేం. ఉన్న పుండు మానకుండా చేయడం, అందులోంచి రక్తం కారే ప్రమాదాన్ని పెంచడం మాత్రం దాని పనే.

అలా రక్తం కారితే విరేచనం నల్లబడుతుంది. ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది గానీ జిగటగా, దుర్వాసనతో తారులా ఉండదు. తారులా ఉన్నా, దాంతోపాటు కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా, వాంతిలో ఎర్రటి రక్తం కనిపించినా ఇంట్లో మాత్రలు వేసుకుంటూ కూర్చోకూడదు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి రావాలి. వాంతికి పదేపదే ఓకరించాక ఎర్రటి రక్తం పడితే ఆహారనాళం చివర చీలి ఉండవచ్చు.

మనం చెప్పుకున్న ఇంజనీరుకు మందు, నొప్పి మాత్రలు ఆపేశాక పైపై పుళ్లు కొద్ది రోజుల్లోనే మానాయి. లోతైన పుండైతే వారాలు పడుతుంది. పొట్టలో పుండైతే మానిందో లేదో మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలి, ఎందుకంటే ఒక్కోసారి క్యాన్సరే పుండులా కనబడుతుంది. ఇక క్రిమి పరీక్ష మిగిలింది. శ్వాస పరీక్షకైనా, మలపరీక్షకైనా రెండు వారాల ముందే గ్యాస్ ట్యాబ్లెట్ ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదనే ఫలితం రావచ్చు. ప్రతి శుక్రవారం మాత్ర వేసుకునే అతనికి పరీక్ష తేదీని రెండుసార్లు మార్చాల్సి వచ్చింది.