యూనిఫాం వేసుకునే ముందు, విప్పే వయసు లెక్క



మాకు ఇచ్చిన అంశం ఉద్యోగాలు. మాలో కొందరం ఫౌజులో చేసి వచ్చాం, కొందరం పోలీసు శాఖలో ఉన్నాం, ఇద్దరం ఆశ్రమ పాఠశాల టీచర్లం. సంఘం తరఫున మన పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టే పని నలుగురం కలిసి చేస్తున్నాం కాబట్టి ఈ మాట కూడా అందరి తరఫున చెబుతున్నాం.

ఏజెన్సీలో పరుగు, ఎక్కడం, బరువు మోయడం పిల్లలకు కొత్తగా నేర్పనక్కర్లేదు. అందుకే ఇంటర్ అయిన ప్రతి కుర్రాడూ ముందు యూనిఫాం వైపే చూస్తాడు. మంచిదే. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "జీతం ఎంత సార్?" అని. రెండోది "హైట్ ఎంత కావాలి?" అని. "ఏ వయసుకు ఇంటికి పంపిస్తారు?" అని అడిగినవాళ్లు చాలా తక్కువ. మేం ఈరోజు ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాం.

బయటికి చూస్తే ఖాకీ, ఆకుపచ్చ రెండూ యూనిఫాంలే. లోపల లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ 62 ఏళ్ల దాకా ఉంటాడు, తెలంగాణలో 61 దాకా. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో 60. ఇదివరకు వాటిలో చాలామందికి 57 ఉండేది, ఢిల్లీ హైకోర్టు తీర్పు తర్వాత 2019లో అందరికీ 60 చేశారు. మరి ఆర్మీ? అగ్నిపథ్‌కు ముందు చేరిన సిపాయి ప్రమోషన్ రాకపోతే 17 ఏళ్ల సర్వీసుకు ఇంటికి వస్తాడు. నాయక్ అయితే 22 ఏళ్లు, హవల్దార్ అయితే 24. 2022 తర్వాత అగ్నివీర్‌గా చేరినవాడికి నాలుగే ఏళ్లు. అందులో 25 శాతం మించకుండా కొందరిని మాత్రం రెగ్యులర్‌లోకి తీసుకుంటారు.

మన గూడేల్లో సీఆర్‌పీఎఫ్ జవానును కూడా "మిలిటరీ" అనే అంటారు. పిలవడానికి ఫరవాలేదు. కాగితం మీద మాత్రం అతను మాజీ సైనికుడు కాడు. ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా అతనికి వర్తించదు. అలాగే నాలుగేళ్లు చేసి వచ్చిన అగ్నివీర్‌కూ ఆ హోదా లేదు, పెన్షన్ లేదు. అతనికి ఉన్నది సేవా నిధి. తన జీతంలోంచి నెలనెలా కోసిన 30 శాతం 5.02 లక్షలు అవుతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది, పైన వడ్డీ. చేతికి వచ్చే జీతం మొదటి ఏడాది నెలకు 21,000, నాలుగో ఏడాది 28,000.

ఇప్పుడు పాత పద్ధతిలో చేరి ఇంటికి వస్తున్న మన అన్నల సంగతి చూద్దాం. వాళ్లు మనలో చాలామంది ఉన్నారు, తప్పులు జరిగేదీ ఎక్కువగా అక్కడే. ఊరూ పేరూ లేకుండా ఒక లెక్క వేద్దాం. 2008లో 19 ఏళ్లకు సిపాయిగా చేరాడు అనుకోండి. 2025లో 17 ఏళ్లు పూర్తి చేసుకుని వచ్చాడు. వయసు 36. ఊళ్లో అందరూ "రిటైరయ్యాడు" అంటారు. కానీ 60 దాకా ఇంకా 24 ఏళ్లు ఉన్నాయి. చేసిన సర్వీసు కన్నా మిగిలిన పని వయసే ఎక్కువ.

జవానుకు 15 ఏళ్లు నిండితే పెన్షన్ వస్తుంది కాబట్టి ఇతనికి పెన్షన్ ఉంది. మూలవేతనం 38,000, మిలిటరీ సర్వీస్ పే 5,200 కలిపి 43,200 అనుకుంటే అందులో సగం, అంటే 21,600 పెన్షన్, దాని మీద కరువు భత్యం. ఇక్కడే కమ్యుటేషన్ అనే కాగితం ముందుకు వస్తుంది. పెన్షన్‌లో సగం వరకు ముందే అమ్ముకోవచ్చు. నెలకు 10,800 వదులుకుంటే ఈ వయసుకు సుమారు 11.8 లక్షలు ఒకేసారి చేతికొస్తాయి. ఆ వదులుకున్న భాగం 15 ఏళ్లకు, అంటే 51వ ఏట తిరిగి కలుస్తుంది. ఈలోపు కోత పడేది 19 లక్షల పైమాటే. కరువు భత్యం మాత్రం పూర్తి పెన్షన్ మీదే వస్తుంది, అందులో నష్టం లేదు.

కమ్యుటేషన్ తప్పని మేం అనం. అప్పు వడ్డీ నెత్తిన ఉన్నవాడికి అది మేలే. కానీ 36 ఏళ్లవాడి పిల్లలు అప్పుడు రెండో తరగతిలోనో ఐదో తరగతిలోనో ఉంటారు. వాళ్లు కాలేజీకి వచ్చేది సరిగ్గా ఆ కోత నడిచే ఏళ్లలోనే. డబ్బు చేతికి రాగానే రోడ్డు పక్కన స్లాబు ఇల్లు, ఒక జీపు, బంధువులకు చేబదుళ్లు. రెండేళ్లు తిరిగేసరికి విశాఖలోనో హైదరాబాద్‌లోనో అపార్ట్‌మెంటు గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ. ఆ పని చేస్తున్నవాళ్లను మేం చిన్నచూపు చూడటం లేదు. అంతకన్నా మంచి దారి అతని చేతిలోనే ఉండి, తెలియక వదిలేశాడే అన్నది మా బాధ.

ఆ దారి ఏమిటంటే రెండో ప్రభుత్వ ఉద్యోగం. మన రాష్ట్రాల్లో మాజీ సైనికులకు 2 శాతమే. ఎస్టీ మాజీ సైనికుడిని ఎస్టీ పోస్టులోనే లెక్కగడతారు కాబట్టి చిన్న నోటిఫికేషన్లలో మన రోస్టర్‌కు ఒక్క పోస్టు కూడా రాకపోవచ్చు. ప్రభుత్వ బ్యాంకుల్లో అయితే క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, సబ్‌స్టాఫ్‌లో 24.5 శాతం. కేంద్ర గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం. వయసు దాటిపోయింది అనుకోకండి. మొత్తం వయసులోంచి సర్వీసు తీసేయగా మిగిలినది పోస్టు పరిమితిని మూడేళ్లకు మించి దాటకపోతే చాలు. మన వాడికి 36లోంచి 17 తీసేస్తే 19.

"పది పాసై వెళ్లాను, డిగ్రీ లేదు" అని కొందరు ఊరుకుంటారు. పదో తరగతి ఉండి 15 ఏళ్లు సైన్యంలో చేసినవాడిని, డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అర్హుడిగా పరిగణిస్తారు. బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్లలోనూ ఈ వెసులుబాటు ఉంటుంది. సాంకేతిక పోస్టులకు చెల్లదు. అయితే అర్హత దొరికినంత మాత్రాన మార్కులు రావు. లెక్కలు, రీజనింగ్, కంప్యూటరు వదిలేసి 17 ఏళ్లయింది. అందుకే చదువు ఇంటికి వచ్చాక మొదలుపెట్టేది కాదు. సర్వీసు ఆఖరి ఏడాదిలోనే యూనిట్ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని దరఖాస్తు చేసుకోనిస్తారు. చివరి రెండు లీవుల్లో ఇంటికి వచ్చినప్పుడే కోచింగ్ పుస్తకాలు పట్టుకెళ్లమని మేం చెబుతున్నాం. ఇంకో మాట, ఉద్యోగం వస్తే పెన్షన్ ఆగిపోతుందని ఊళ్లో ఎవరో చెబుతారు. ఆగదు. సిపాయి స్థాయిలో వచ్చినవాడికి పెన్షన్ పెన్షనే, జీతం జీతమే.

ఇందులో ఒక మడతపేచీ ఉంది, జాగ్రత్తగా వినండి. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో మాజీ సైనికుల కోటా మీద ఒకసారి ఉద్యోగంలో చేరితే ఆ కోటా అక్కడితో అయిపోతుంది. ముందు వచ్చిందని అటెండరుగా చేరి, ఆరు నెలలకు క్లర్కు పరీక్ష ఫలితం వస్తే? చేరకముందే దానికి దరఖాస్తు చేసి ఉండి, చేరగానే "నేను ఇంతకుముందు ఫలానా తేదీల్లో ఫలానా పోస్టులకు దరఖాస్తు చేశాను" అని తేదీలతో సహా ఆఫీసులో రాసి ఇచ్చి ఉంటే కోటా నిలుస్తుంది. 2014 నుంచి ఉన్న నిబంధన ఇది. ఆ ఒక్క కాగితం ఇవ్వకపోతే పోతుంది. ఆఫీసువాళ్లు పనిగట్టుకుని చెప్పరు, మనమే రాసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి మన జాతుల్లో మాత్రమే ఎక్కువగా కనిపించే ఒక ఇబ్బంది చెప్పాలి. మన పెళ్లిళ్లు కుల పెద్దల ముందు, ఆచారం ప్రకారం జరుగుతాయి. శుభలేఖ ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. జవాను పెళ్లయిన సంగతి, పిల్లలు పుట్టిన తేదీలు యూనిట్‌లో చెప్పి పార్ట్-టూ ఆర్డర్ వేయించాలి. వేయించకపోతే రికార్డు ఆఫీసు దృష్టిలో అతనికి భార్య లేదు. రేపు అతనికి ఏమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆ ఆడబిడ్డ సంవత్సరాల తరబడి తిరగాలి. ఇంకోటి పేరు. డిశ్చార్జి బుక్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, ఎస్టీ సర్టిఫికెట్‌లో ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక అక్షరమే. ఇవి సర్వీసులో ఉండగా సరిచేసుకోవడం సులువు, వచ్చాక కష్టం.

ఇక అగ్నివీర్‌గా వెళ్లాలనుకునే తమ్ముళ్లకు. ఆర్మీలో ఎస్టీ రిజర్వేషన్ లేదు, వయసు సడలింపూ లేదు. పథకం ప్రకటించినప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి 21, మొదటి ఏడాదికి మాత్రం 23 చేశారు. ప్రతి ఏడాదీ నోటిఫికేషన్ చూసుకోండి. కేంద్ర బలగాల కానిస్టేబుల్‌కు 23 ఏళ్ల పరిమితి మీద ఎస్టీలకు ఇంకో 5, అంటే 28 దాకా తలుపు తెరిచే ఉంటుంది. కాబట్టి ముందు మూసుకునే తలుపు ఆర్మీ. 18 ఏళ్లకు వెళ్లి 22కి వచ్చినవాడికి కేంద్ర బలగాలకు ఇంకా ఆరేళ్లు ఉన్నాయి, పైగా మాజీ అగ్నివీర్లకు అక్కడ 10 శాతం కోటా, ఇంకో మూడేళ్ల సడలింపు 2022లో ప్రకటించారు. అదే కుర్రాడు ముందు సీఆర్‌పీఎఫ్‌కే రెండు మూడేళ్లు ప్రయత్నించి, రాక, తర్వాత ఆర్మీ అనుకుంటే వయసు దాటిపోతుంది. పదితో వెళ్లినవాళ్లు ఆ నాలుగేళ్లలో ఎన్‌ఐఓఎస్ ద్వారా ఇంటర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

తల్లిదండ్రులకు ఒక మనవి. అగ్నివీర్ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే ఉద్యోగం పోతుంది. పిల్లవాడికి జీతం వస్తోందని మేనమామ కూతురితో ఈ వేసవికే ముడివేయాలని చూడకండి. నాలుగేళ్లు ఆగండి.

ఇంట్లో ఇద్దరు కొడుకులు ఉండి, ఒకడు నిలకడగా ఒకేచోట ఉండాలి, పోడు చూసుకోవాలి అనుకుంటే వాడికి మేం జిల్లా కానిస్టేబుల్, బీట్ ఆఫీసర్ పోస్టులే చెబుతాం. బయటికి వెళ్లి లోకం చూసి, ఇరవై రెండింటికో ముప్పై ఆరుకో మళ్లీ మొదటినుంచి పరీక్షలకు కూర్చోగలిగే ఓపిక ఉన్నవాడు ఫౌజుకు వెళ్లాలి. ఆ రెండో ఓపిక లేనివాడికి ఎంత పరుగు వచ్చినా ఫౌజు మేం సిఫారసు చేయం.

భోజనాల తర్వాత రెండున్నరకు స్టేజీ వెనక గదిలో కూర్చుంటాం. డిశ్చార్జి బుక్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఎస్టీ సర్టిఫికెట్ తెచ్చుకున్న అన్నలు ముందు రండి. సర్వీసులో ఉన్నవాళ్ల భార్యలు ఎవరైనా వచ్చి ఉంటే, పార్ట్-టూ ఆర్డర్‌లో మీ పేరు ఉందో లేదో మీ ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని రండి.