పాత బ్యాకప్, కొత్త మాటలు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటల ప్రాంతంలో చాట్లన్నిటినీ ఒకే ఫైలుగా ఫోన్‌లోనే దాస్తుంది. అది ఆ క్షణానికి తీసిన ఫొటో లాంటిది. రీస్టోర్ చేస్తే ఆ ఫొటో మొత్తం తిరిగొస్తుంది, అంతే. ఇప్పుడున్న సందేశాలతో దాన్ని కలిపి కుట్టే పని యాప్ చేయదు.

ఒకామె గురువారం పొరపాటున అమ్మ చాట్ చెరిపేసిందనుకోండి. శనివారం యాప్ తీసేసి, బుధవారం నాటి బ్యాకప్ ఎక్కించింది. అమ్మ మాటలు వచ్చాయి. కానీ శుక్రవారం తమ్ముడు పంపిన పెళ్లి కబుర్లు పోయాయి, ఎందుకంటే బుధవారం నాటికి అవి లేనే లేవు.

కంగారులో ముందుగా ‘బ్యాకప్’ నొక్కడం ఇంకా ప్రమాదం. ఫోన్‌లోని ఫైళ్లు కాక, గూగుల్ ఖాతాలో ఉండే బ్యాకప్ ఒక్క కాపీయే. కొత్తది పాతదాన్ని తుడిచేస్తుంది, అమ్మ చాట్‌తో సహా.

అందుకే యాప్ తీసేయకముందే తమ్ముడి చాట్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి మెయిల్‌కు పంపుకోవాలి. అది తిరిగి యాప్‌లోకి ఎక్కదు, చదువుకోవడానికి మాత్రం మిగులుతుంది. తర్వాత ఫోన్‌లోని వాట్సాప్ డేటాబేసెస్ ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. అందులో గత కొద్ది రోజుల ఫైళ్లు తేదీల పేర్లతో ఉంటాయి. యాప్‌ను మళ్లీ ఎక్కించాక రీస్టోర్ తెరపై బ్యాకప్ తేదీ కనబడుతుంది. అది మీరనుకున్న రోజు కాకపోతే అక్కడే ఆగండి. ‘స్కిప్’ మాత్రం నొక్కకండి.